ఇరవై ఒక్క రోజుల ముందు వచ్చే మెయిలు

ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో షేర్లున్న వాళ్ల ఇన్‌బాక్సుల్లోకి ఒకే తీరు మెయిళ్లు వరుసగా వచ్చి పడతాయి. పైన కంపెనీ పేరు, 'వార్షిక సర్వసభ్య సమావేశం నోటీసు' అనే మాట, ఒక తేదీ. లోపల వందల పేజీల పీడీఎఫ్. పది షేర్లున్న మనిషికి అదంతా చదివే ఓపిక ఎక్కడిది? చాలామంది తెరవకుండానే తీసేస్తారు.

నిజానికి ఆ పేజీల్లో ఎక్కువ భాగం వార్షిక నివేదిక. నోటీసు అన్నది అందులో కొద్ది పేజీలే. వాటిలో కూడా చూడాల్సిన చోట్లు మూడు: మెయిలు ఏ రోజు వచ్చింది, ఎజెండాలో ఏ అంశానికి వివరణ జోడించారు, ప్రాక్సీ గడువు ఎప్పుడు. ఈ మూడూ తెలిస్తే కంపెనీ తన సభ్యుణ్ని ఏం అడుగుతోందో, అతని చేతిలో ఏముందో అర్థమైపోతుంది. 2013 నాటి కంపెనీల చట్టం ఈ నోటీసులో దాదాపు ప్రతి వాక్యానికీ ఒక లెక్క పెట్టింది. ఆ లెక్కలు తెలియడానికి ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. విజయవాడలో రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న పబ్లిక్ కంపెనీ, 1,240 మంది సభ్యులు. సమావేశం 2026 సెప్టెంబరు 25, శుక్రవారం ఉదయం 11 గంటలకు.

తేదీల లెక్క

కంపెనీ లెక్కల సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఆ తర్వాత ఆరు నెలల్లో, అంటే సెప్టెంబరు 30లోగా ఏజీఎం జరపాలి. రెండు ఏజీఎంల మధ్య 15 నెలలకు మించి ఎడం ఉండకూడదు. ఉదయం 9కీ సాయంత్రం 6కీ మధ్యే మొదలుపెట్టాలి. జాతీయ సెలవు రోజున పెట్టకూడదు. రిజిస్టర్డ్ ఆఫీసు విజయవాడలో ఉంది కాబట్టి సమావేశం ఆ ఆఫీసులోనో, ఊళ్లోనే మరో హాల్లోనో జరగాలి. సభ్యులు రాలేని దూరంలో పెట్టి పని కానిచ్చుకునే వీలు లేకుండా చేసిన ఏర్పాటు ఇది.

నోటీసు పూర్తిగా 21 రోజుల ముందు వెళ్లాలి. ఇక్కడే చాలా కంపెనీలు తప్పటడుగు వేస్తాయి. మెయిలు పంపిన రోజు లెక్కలోకి రాదు, సమావేశం రోజూ రాదు. మధ్యలో నిండుగా 21 రోజులుండాలి. మన కంపెనీ సమావేశం 25న గనక సెప్టెంబరు 4 నుంచి 24 వరకు 21 రోజులు. అంటే మెయిలు సెప్టెంబరు 3 దాటకుండా వెళ్లాలి. 4న పంపితే 20 రోజులే మిగులుతాయి, నోటీసు చెల్లదు. పోస్టులో పంపితే అందడానికి మరో రెండు రోజులు కలుపుకోవాలి, కాబట్టి సెప్టెంబరు 1కే పోస్టు చేయాలి. మీకు వచ్చిన మెయిలు తేదీ చూసి వేళ్ల మీద లెక్కబెట్టుకుంటే చాలు, నోటీసు సరైనదో కాదో మీరే తేల్చుకోవచ్చు.

అంతకంటే తక్కువ గడువుతో ఏజీఎం జరపాలంటే ఓటు హక్కున్న సభ్యుల్లో 95 శాతం మంది ఒప్పుకోవాలి. నలుగురైదుగురు సభ్యులున్న కుటుంబ కంపెనీలో సంతకాలు పెట్టించుకోవడం గంట పని. మన కంపెనీలో అయితే 1,178 మంది సమ్మతి కావాలి. అది అయ్యే పని కాదు.

మెయిలు ఎలా ఉండాలో కూడా నిబంధనల్లో ఉంది. సబ్జెక్టు లైనులోనే కంపెనీ పేరు, ఏ సమావేశం, ఎక్కడ, ఏ రోజు అన్నవి కనిపించాలి. నోటీసును మెయిల్లోనే రాయవచ్చు, జతచేయవచ్చు, లేదా లింకు ఇవ్వవచ్చు. జతచేస్తే ఎవరూ మార్చలేని పీడీఎఫ్ వంటి రూపంలో ఉండాలి. అదే నోటీసు కంపెనీ వెబ్‌సైటులోనూ పెట్టాలి. ఎంతమందికి పంపారు, ఎవరెవరికి వెళ్లింది, ఎవరి మెయిలు తిరిగొచ్చింది అన్న రికార్డు దాచుకోవాలి. మెయిలు కంపెనీ చిరునామా నుంచే రావాలని లేదు. షేర్ల రిజిస్ట్రార్‌గా పనిచేసే సంస్థ తరఫునా రావచ్చు. అలాంటి పెద్ద రిజిస్ట్రార్లలో ఒకటైన కేఫిన్ టెక్నాలజీస్ హైదరాబాదు నుంచే పనిచేస్తుంది. తెలియని చిరునామా అని పక్కన పడేసే ముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

మరి మెయిలు అందకపోతే? కంపెనీ పంపిన క్షణంలోనే దాని బాధ్యత తీరినట్టు. మీ పాత చిరునామా మూతబడి, కొత్తది మీరు నమోదు చేయించకపోతే ఆ తప్పు కంపెనీది కాదు. పొరపాటున ఒకరిద్దరికి పంపడం మరిచినా సమావేశం చెల్లుతుంది. కావాలని ఒక వర్గాన్ని వదిలేస్తే మాత్రం ఆ రక్షణ దొరకదు. వదిలేసింది పొరపాటునో పంతంతోనో తేల్చేటప్పుడు పైన చెప్పిన రికార్డే మొదటి సాక్ష్యం అవుతుంది.

ఎజెండాలో రెండు భాగాలు

ఎజెండా తెరవగానే 'సాధారణ అంశాలు', 'ప్రత్యేక అంశాలు' అని రెండు శీర్షికలు కనిపిస్తాయి. ఏజీఎంలో సాధారణ అంశాలు నాలుగే. ఏడాది లెక్కలు, వాటిపై బోర్డు, ఆడిటర్ల నివేదికలు పరిశీలించడం ఒకటి. డివిడెండు ప్రకటించడం రెండోది. వంతు ప్రకారం దిగిపోయే డైరెక్టర్ల స్థానంలో నియామకాలు మూడోది. ఆడిటర్ల నియామకం, వారి పారితోషికం నాలుగోది. ఈ నాలుగు తప్ప ఏ అంశం వచ్చినా అది ప్రత్యేకమే.

సాధారణ అంశాల్లో కూడా గమనించాల్సినవి ఉన్నాయి. దిగిపోయే డైరెక్టరు పేరు, 'అర్హులు గనుక తిరిగి నియమించవలసిందిగా కోరుతున్నారు' అన్న వాక్యం చాలా నోటీసుల్లో కనిపిస్తుంది. దిగిపోవడం, మళ్లీ ఎక్కడం ఒకే తీర్మానంలో జరిగిపోతాయి. సభ్యులు కాదంటే మాత్రం ఆయన దిగిపోవాల్సిందే. డివిడెండు సంగతి వేరు. బోర్డు షేరుకు 2 రూపాయలు సిఫార్సు చేస్తే సభ్యులు దాన్ని తగ్గించగలరు గానీ, మామూలుగా కంపెనీల నియమావళి ప్రకారం పెంచలేరు. సమావేశంలో లేచి 3 రూపాయలు చేయమని ఎంత గట్టిగా అడిగినా ప్రయోజనం ఉండదు.

ప్రతి ప్రత్యేక అంశానికీ నోటీసు వెనకాల ఒక వివరణ ఉండాలి. నోటీసు మొత్తంలో తీరిగ్గా చదవాల్సిన చోటు ఇదే. మన విజయవాడ కంపెనీ తన సరుకు దాచుకోవడానికి ఒక డైరెక్టరు భార్య పేరిట ఉన్న గోదామును అద్దెకు తీసుకోవాలనుకుంది, అద్దె మొత్తం సభ్యుల ఆమోదం అవసరమయ్యేంత పెద్దది అనుకుందాం. తీర్మానం పాఠంలో గోదాము చిరునామా, అద్దె, కాలపరిమితి ఉంటాయి. ఆ గోదాము ఎవరిదో, డైరెక్టరుకు ఆమె ఏమవుతారో వివరణలో చెప్పి తీరాలి. డైరెక్టర్లు, ముఖ్య అధికారులు, వారి బంధువుల్లో ఎవరికి ఆ అంశంలో ఎంత ప్రయోజనం ఉందో రాయాలి. సభ్యుడు ఒక నిర్ణయానికి రావడానికి అవసరమైన వాస్తవాలన్నీ ఇవ్వాలి. దాచిపెట్టి ఆ డైరెక్టరో బంధువో లాభపడితే ఆ లాభం కంపెనీ సొమ్ము కిందే లెక్క, తిరిగి చెల్లించాలి.

కొన్ని నోటీసుల్లో వివరణ చివర ఒకే వాక్యం ఉంటుంది: 'ఈ తీర్మానంలో డైరెక్టర్లెవరికీ ప్రయోజనం లేదు'. ఆ వాక్యం కింద ఎవరి పేరైనా మినహాయింపుగా కనిపిస్తే అక్కడ ఆగి చదవాలి. ఒక తీర్మానాన్ని 'సాధారణ తీర్మానం'గా పెట్టారా, 'ప్రత్యేక తీర్మానం'గా పెట్టారా అన్నదీ పక్కనే ఉంటుంది. సాధారణ తీర్మానానికి వ్యతిరేకంగా పడిన ఓట్లకంటే అనుకూల ఓట్లు ఎక్కువుంటే చాలు. ప్రత్యేక తీర్మానానికి వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు అనుకూలంగా పడాలి. నియమావళి మార్చడం, కంపెనీ పేరు మార్చడం వంటివి ఈ రెండో రకం.

కాలనీ సంఘాల నోటీసుల్లో చివరగా కనిపించే 'అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు' అన్న పంక్తి కంపెనీ నోటీసులో ఉండకూడదు. నోటీసులో లేని అంశాన్ని సమావేశంలో తీర్మానించకూడదు. ఇంట్లో కూర్చుని నోటీసు చదివి, అభ్యంతరం లేదనుకుని రాకుండా ఉన్న సభ్యుడి వెనకాల కొత్త సంగతి తేల్చేయడం అన్యాయం కాబట్టి ఈ కట్టడి.

కోరం: ఎవరెవరు లెక్కలోకి వస్తారు

సమావేశం చెల్లాలంటే ఉండాల్సిన కనీస సంఖ్యే కోరం. పబ్లిక్ కంపెనీలో సభ్యులు వెయ్యికి మించకపోతే ఐదుగురు, వెయ్యి దాటి ఐదు వేల వరకు ఉంటే 15 మంది, ఐదు వేలు దాటితే 30 మంది. ప్రైవేటు కంపెనీలో ఇద్దరు. కంపెనీ నియమావళి ఇంతకంటే పెద్ద సంఖ్య పెట్టుకోవచ్చు. మన కంపెనీకి 15 మంది కావాలి. లక్షల్లో వాటాదారులున్న మహా కంపెనీకి కూడా చట్టం అడిగేది 30 మందినే.

ఆ 15 మందీ స్వయంగా వచ్చిన సభ్యులై ఉండాలి. ప్రాక్సీలు ఎంతమంది వచ్చినా ఈ లెక్కలోకి రారు. ముందే ఆన్‌లైన్లో ఓటేసి ఇంట్లో ఉండిపోయిన వాళ్లూ రారు. హాల్లో 40 మంది కనిపిస్తున్నా వారిలో 14 మందే సభ్యులు, మిగతావారు ప్రాక్సీలూ కంపెనీ ఉద్యోగులూ అయితే కోరం లేనట్టే. అయితే షేర్లున్న మరో కంపెనీ తన బోర్డు తీర్మానంతో ఒక ప్రతినిధిని పంపితే ఆయన ప్రాక్సీ కాడు. సభ్యుడే వచ్చినట్టు లెక్క.

ఒక్కరితో సమావేశం అవుతుందా అన్న ప్రశ్న చాలాకాలం కిందటే ఇంగ్లండులో కోర్టుకెక్కింది. కార్న్‌వాల్‌లోని ఒక గని కంపెనీ 1874లో లండన్‌లో సమావేశం పిలిస్తే కార్యదర్శి కాక ఒకే ఒక్క సభ్యుడు వచ్చాడు. ఆయనే అధ్యక్షత వహించాడు. సభ్యులంతా షేర్లపై ఇంకా కొంత సొమ్ము చెల్లించాలని తీర్మానం చేశాడు. చివర అధ్యక్షుడికి, అంటే తనకు తానే, ధన్యవాదాలూ చెప్పుకున్నాడు. ఆ సొమ్ము కట్టనన్న ఒక సభ్యుడి మీద దావా వేస్తే, ఒకే మనిషి కూర్చుంటే దాన్ని సమావేశం అనరని 1876లో కోర్టు కొట్టేసింది. షార్ప్, డాస్‌ల కేసుగా న్యాయశాస్త్రం చదివేవాళ్లు ఇప్పటికీ దాన్ని చెప్పుకుంటారు.

మన కంపెనీలో 11 గంటలకు 12 మందే వచ్చారు అనుకుందాం. అరగంట ఆగాలి. 11.30కీ 15 మంది కాకపోతే సమావేశం దానంతటదే వాయిదా పడుతుంది. బోర్డు ఇంకేమీ చెప్పకపోతే వచ్చే వారం అదే రోజుకు, అదే సమయానికి, అదే చోటికి. ఇక్కడ క్యాలెండరు అడ్డం తిరుగుతుంది. సెప్టెంబరు 25 తర్వాతి శుక్రవారం అక్టోబరు 2, గాంధీ జయంతి, జాతీయ సెలవు. పైగా సెప్టెంబరు 30 గడువూ దాటిపోతుంది. కాబట్టి బోర్డు వేరే రోజు నిర్ణయించాలి. మార్చిన తేదీ గురించి సభ్యులకు కనీసం మూడు రోజుల ముందు విడిగా గానీ పత్రికా ప్రకటన ద్వారా గానీ చెప్పాలి. 25 సాయంత్రమే మెయిళ్లు పంపితే 30వ తేదీ బుధవారం దొరుకుతుంది. ఒక్క రోజు నిదానించినా ఇరుకున పడతారు. సమావేశాన్ని సెప్టెంబరు చివరి వారానికి నెట్టుకునే కంపెనీలు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

వాయిదా పడిన సమావేశంలోనూ అరగంటలోగా కోరం రాకపోతే? అప్పుడు వచ్చినవాళ్లే కోరం. రెండోసారి 15 మంది కోసం ఎదురుచూపులుండవు. అందువల్ల మొదటి రోజు రాకుండా సమావేశాన్ని ఆపామనుకునే వర్గం రెండో రోజూ రాకపోతే, వచ్చిన కొద్దిమందే అన్నీ తేల్చేస్తారు.

ప్రాక్సీ: ఓటు ఉంది, మాట లేదు

రాలేని సభ్యుడు తన బదులు ఇంకొకరిని పంపుకోవచ్చు. ఆ మనిషి సభ్యుడు కానక్కర్లేదు. ఈ సంగతి నోటీసులో కనబడేలా ముద్రించాలని చట్టం చెప్పింది. లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీల్లో మాత్రం ప్రాక్సీగా సభ్యుడే వెళ్లాలి.

గుంటూరులో ఉండే ఒక పెద్దాయనకు మన కంపెనీలో 500 షేర్లున్నాయి, మోకాళ్ల నొప్పులతో రాలేరు, విజయవాడలో ఉన్న అల్లుణ్ని పంపాలనుకున్నారు. నోటీసు చివర ఎంజీటీ-11 అనే ఫారం ఉంటుంది. అందులో తన పేరు, చిరునామా, ఫోలియో నంబరు లేదా డీమ్యాట్ ఖాతా వివరాలు, షేర్ల సంఖ్య రాయాలి. అల్లుడి పేరు, ఆయన కాకపోతే ఇంకెవరు అన్నదీ వరుసలో రాసుకోవచ్చు. ఒక్కో తీర్మానం ఎదురుగా 'అనుకూలం', 'వ్యతిరేకం' అనే గళ్లుంటాయి. నింపితే అల్లుడు ఆ ప్రకారం ఓటేయాలి. ఖాళీగా వదిలితే అతని ఇష్టం. రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం చేసి, తేదీ వేసి, ఆ కాగితాన్ని రిజిస్టర్డ్ ఆఫీసుకు చేర్చాలి.

గడువు 48 గంటలు. సమావేశం 25న ఉదయం 11కి కాబట్టి 23, బుధవారం ఉదయం 11లోగా ఫారం అక్కడుండాలి. ఇందులో ఎక్కువగా జరిగే పొరపాట్లు తెలిసినవే: తేదీ వేయకపోవడం, స్టాంపు మరవడం, కొరియరు 23 మధ్యాహ్నం చేరడం. తేదీ లేని ప్రాక్సీ చెల్లదు. ఒకే వాటాకు ఇద్దరి పేర్లతో రెండు ఫారాలు వెళితే ఆఖరి తేదీ ఉన్నదే చెల్లుతుంది. రెండింటిపైనా ఒకే తేదీ ఉండి సమయం రాయకపోతే రెండూ పోతాయి.

ఫారం సరిగ్గా చేరింది, అల్లుడు గుర్తింపు కార్డుతో హాల్లోకి వెళ్లాడు. గోదాము అద్దె గురించి డైరెక్టర్లను నిలదీయాలనుకున్నాడు. కుదరదు. ప్రాక్సీకి మాట్లాడే హక్కు లేదు. చేతులెత్తే ఓటింగులోనూ అతని చెయ్యి లెక్కలోకి రాదు. బ్యాలెట్ పెట్టినప్పుడే ఓటు. చిన్న కంపెనీల్లో చేతులెత్తి తేల్చేస్తుంటే, పదో వంతు ఓట్లు గానీ 5 లక్షల రూపాయల షేరు మూలధనం గానీ చేతిలో ఉన్న సభ్యులు బ్యాలెట్ పెట్టమని పట్టుబట్టవచ్చు. ఈ మేరకు కలిసొచ్చే వాటా ఉంటే ప్రాక్సీలూ అడగవచ్చు.

ఒకే మనిషి ఊరందరి ప్రాక్సీలూ పోగేసుకోకుండా కూడా అడ్డుకట్ట ఉంది. ఒకరు 50 మందికి మించి ప్రాక్సీగా ఉండకూడదు. వాళ్లందరి షేర్లు కలిపినా ఓటు హక్కున్న మూలధనంలో 10 శాతం దాటకూడదు. ఎవరెవరు ఎవరికి ప్రాక్సీలిచ్చారో చూడాలనుకునే సభ్యుడు మూడు రోజుల ముందు రాతపూర్వకంగా చెబితే, సమావేశానికి 24 గంటల ముందు నుంచి ముగిసేవరకు ఆ కాగితాలు చూసుకోవచ్చు.

ప్రాక్సీ ఫారమే లేని నోటీసులు

ఈమధ్య వచ్చే నోటీసుల్లో చాలావాటికి ప్రాక్సీ ఫారం ఉండదు. అది మరిచిపోయి కాదు. కోవిడ్ కాలంలో, 2020 మే 5న, కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వీడియో ద్వారా ఏజీఎం జరుపుకోవచ్చని సర్క్యులర్ ఇచ్చింది, తర్వాత పొడిగిస్తూ వచ్చింది. ఎవరి ఇంటి నుంచి వాళ్లే హాజరు కాగలిగినప్పుడు బదులు మనిషి అవసరం లేదన్నది అందులో వాదన. వీడియోలో చేరిన సభ్యుడు కోరం లెక్కలోకి వస్తాడు. మాట్లాడాలనుకునేవాళ్లు ముందే పేరు నమోదు చేసుకోవాలని నోటీసులో ఒక తేదీ ఉంటుంది. దాన్ని దాటిస్తే చూడటమే మిగులుతుంది.

వెయ్యి మంది లేదా అంతకుమించి సభ్యులున్న కంపెనీలు, స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీలు ముందుగానే ఆన్‌లైన్లో ఓటేసే వీలు కల్పించాలి. అది కనీసం మూడు రోజులు తెరిచి ఉండాలి. సమావేశానికి ముందు రోజు సాయంత్రం 5కి మూసేయాలి. మన కంపెనీకి 22న మొదలై 24 సాయంత్రం 5కి ముగుస్తుంది. గుంటూరు పెద్దాయన ఫోనులోనే ఓటేసేస్తే అల్లుణ్ని పంపనక్కర్లేదు. పంపినా అల్లుడికి మళ్లీ ఓటు ఉండదు. ఆయన తనే వెళితే కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, మరోసారి ఓటేయలేరు. ఎవరికి ఓటుందన్నది ఒక కటాఫ్ తేదీని బట్టి తేలుతుంది. అది సమావేశానికి ఏడు రోజులకంటే ముందు ఉండకూడదు. మన లెక్కలో సెప్టెంబరు 18. ఆ తర్వాత షేర్లు కొన్నవాళ్లకు ఈ ఏటి నోటీసు చదువుకోవడానికే పనికొస్తుంది.

మెయిలు రాకుండానే సెప్టెంబరు వెళ్లిపోతే

కొన్ని కంపెనీలు అసలు ఏజీఎం పెట్టవు. గడువు పెంచమని రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌ను అడగవచ్చు, ప్రత్యేక కారణముంటే మూడు నెలల వరకు దొరుకుతుంది. అదీ లేకుండా ఊరుకుంటే కంపెనీకీ, బాధ్యులైన అధికారులకూ లక్ష రూపాయల వరకు, ఆపైన ఆలస్యమైన ప్రతి రోజుకూ 5 వేల వరకు జరిమానా పడవచ్చు.

జరిమానాతో సభ్యుడికి సమావేశం దొరకదు. దానికి వేరే దారి ఉంది. ఎన్ని షేర్లున్నాయన్నదానితో పని లేకుండా, ఏ సభ్యుడైనా జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. తెలుగు రాష్ట్రాలకు హైదరాబాదు, అమరావతి బెంచీలున్నాయి. సమావేశం పిలవమని ట్రిబ్యునల్ ఆదేశించగలదు, ఎలా జరపాలో చెప్పగలదు. అవసరమనుకుంటే ఒక్క సభ్యుడు వచ్చినా, ఆయన బదులు ప్రాక్సీ వచ్చినా దాన్నే సమావేశంగా లెక్కించమనగలదు. 1876లో ఆ గని కంపెనీ సభ్యుడికి తనంతట తానుగా దక్కనిది, మిగతావాళ్లు మొండికేసి సమావేశమే జరగనివ్వనప్పుడు ఇక్కడ పది షేర్ల మనిషికీ దక్కవచ్చు.